సెలవిచ్చిన రోజల్లా పండగ కాదు: శుభాకాంక్షల మెసేజ్‌ల మీద అపోహలు, వాస్తవాలు

విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, ఈమధ్య ఎక్కువగా ఫోన్లలో పంపుకునే పండగ పోస్టర్లు చేస్తుంటాను. సిరిమానోత్సవానికో సంక్రాంతికో ఏం రాయాలని నన్నెవరూ అడగరు, అవి అందరి నోళ్లలో నలిగిన మాటలే. అడిగేదల్లా "మా పక్క సీటాయనకి రంజాన్‌కి ఏటి పెట్టాలి?", "మా మేడమ్ చర్చికి వెళ్తారు, ఏటి రాస్తే బాగుంటాది?" అనే. అలా వచ్చేవాళ్లు వెంటబెట్టుకొచ్చే అపోహలు కొన్ని ఉన్నాయి. మొదటిదాంట్లో నేనే కాలేశాను కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

అపోహ: క్యాలెండర్లో ఎర్ర అంకె ఉంటే శుభాకాంక్షలు చెప్పేయొచ్చు.

షాపు పెట్టిన కొత్తలో ఓ కాలనీ పెద్దమనిషి గుడ్ ఫ్రైడేకి ఫ్లెక్సీ కావాలన్నాడు. క్రిస్మస్‌కి చేసిన డిజైన్ సిస్టంలో ఉంది. మంచు తీసేసి, నక్షత్రాలు, బెలూన్లు ఉంచేసి, పైన "గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు" అని పెద్దక్షరాల్లో కొట్టి ఇచ్చాను. రాత్రే కట్టేశారు. పొద్దున్నే తెల్లబట్టల్లో, చంకలో బైబిలుతో చర్చికి వెళ్తున్న ఓ రిటైర్డ్ మాస్టారు షాపు ముందు ఆగారు. ఆయన కూతురి పెళ్లి కార్డు నేనే వేశాను. "బాబూ, మీ తాతగారు పోయిన రోజున మీ గుమ్మానికి ఎవరైనా బెలూన్లు కడితే నువ్వేటంటావు?" అన్నారు. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. పది గంటల్లోపు నిచ్చెన తెచ్చి నేనే దించేశాను. ఫ్లెక్సీ డబ్బులు అడగలేదు.

వాస్తవం ఏమిటంటే, గుడ్ ఫ్రైడే ఏసుక్రీస్తుని సిలువ వేసిన రోజు. 'గుడ్' అన్న మాటకి ఇంగ్లీషులో ఒకప్పుడు 'పవిత్రమైన' అన్న అర్థం ఉండేది, ఆ పేరు అలా నిలిచిపోయింది. తెలుగులో 'శుభ శుక్రవారం' అని కూడా అనడంతో మన తికమక ఇంకా పెరిగింది. చాలా చర్చిల్లో ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన ఉంటుంది, సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరు ప్రసంగిస్తారు. చాలామంది ఉపవాసం ఉంటారు. సంబరం ఆదివారం ఈస్టర్ నాడు. శుభాకాంక్షలు ఆ రోజు చెప్పాలి, మనసారా చెప్పొచ్చు.

మొహర్రంకీ ఇదే చిక్కు, అక్కడ మనల్ని పక్కదారి పట్టించే మాట 'పండగ'. పల్లెల్లో పీర్ల పండగ అంటాం, డప్పులు గుర్తొస్తాయి, గుండం గుర్తొస్తుంది. కానీ మొహర్రం పదో రోజు, అంటే ఆషూరా, 680లో కర్బలాలో ప్రవక్త మనవడు ఇమామ్ హుస్సేన్ చనిపోయిన రోజు. షియాలకి అది శోకదినం. సున్నీల్లో చాలామంది ఆ రోజు, ముందు రోజో తర్వాతి రోజో కలిపి, రోజా అనే ఉపవాసం ఉంటారు. ఎలా చూసినా "హ్యాపీ మొహర్రం" నప్పదు. అదే నెల ఒకటో తేదీ ఇస్లామీయ సంవత్సరాది కావడంతో కొందరు ఆ శుభాకాంక్షల్ని పదో రోజుకి మోసుకొస్తారు.

ఇది మనకి తెలియని మర్యాదేం కాదు. ఇంట్లో పెద్దవాళ్లు పోతే ఏడాదిపాటు పండగ చేసుకోం. అలాంటి ఇంటికి సంక్రాంతి నాడు వెళ్లి "పండగ బాగా జరిగిందా" అని ఎవరూ అడగరు. "ఈ ఏడు మీకు పండగ లేదు కదా, ఓసారి చూసి పోదామని వచ్చాను" అంటారు. గుడ్ ఫ్రైడేకి, మొహర్రంకి కావలసిన గొంతు అదే.

ఆమధ్య ఓ బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. తనతో పనిచేసే ఆవిడకి గుడ్ ఫ్రైడే మెసేజ్ పెట్టాలి, ఆవిణ్ని అక్కా అని పిలుస్తాడు. ఫోన్లో అప్పటికే రాసుకొచ్చింది చూపించాడు: "గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు అక్కా. ఆ ప్రభువు మీకు సకల సంతోషాలు ప్రసాదించాలి. ఎంజాయ్ ద హాలిడే." ముందు 'శుభాకాంక్షలు' తీయించాను. తర్వాత సంతోషాలు ప్రసాదించడం. అది పెళ్లిరోజుకి సరిపోతుంది గానీ సిలువ రోజుకి కాదు. సెలవు ఎంజాయ్ చేయమనడం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇవన్నీ తీసేస్తే మిగిలింది 'అక్కా' ఒక్కటే. "ఇంకేటి రాయాలండీ మరి?" అన్నాడు. "ఆవిడ ఆ రోజు ఏం చేస్తారో నీకు తెలుసా?" అని అడిగాను. పన్నెండింటికి చర్చికి వెళ్తారని, పొద్దున్నుంచీ ఏమీ తినరని చెప్పాడు. అదే రాయించాను:

"అక్కా, ఈరోజు ఉపవాసంతో ఆరాధనలో ఉంటారని తెలుసు. మీ ప్రార్థనలు ప్రశాంతంగా సాగాలి. ఆదివారం ఈస్టర్‌కి ఫోన్ చేస్తాను."

మూడు ముక్కలు. పొద్దున్న తొమ్మిదిలోపు పంపమన్నాను, ఆరాధన మధ్యలో ఫోన్ మోగకూడదు కదా. బొమ్మలు, రంగులు వద్దన్నాను. నేను పోస్టర్లమ్ముకునేవాణ్ని, అయినా ఆ రోజు మెసేజ్‌కి పోస్టర్ అక్కర్లేదు. ఆదివారం మాత్రం "ఈస్టర్ శుభాకాంక్షలు అక్కా, ఇంట్లో అందరికీ చెప్పండి" అని పువ్వులు పెట్టి పంపించుకోవచ్చు.

అతను నిజంగా ఫోన్ చేశాడో లేదో నాకు తెలీదు. చేయకపోతే ఆ చివరి ముక్క రాయకపోవడమే మంచిది.

అందరూ నొచ్చుకుంటారని కాదు. సిలువ వల్లే రక్షణ అని, శుభ శుక్రవారం అని తమలో తాము చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లు వాళ్లకి చెప్పుకునే మాట వేరు, మనం బయటినుంచి చెప్పేది వేరు. మొహర్రం విషయంలో నా సలహా ఇంకా చిన్నది. బాగా తెలిసిన మనిషి కాకపోతే ఏమీ పంపకండి. తెలిసి, రోజా ఉంటారని కూడా తెలిస్తే, "ఈరోజు మీ రోజా, మీ దువా కబూల్ కావాలి భాయ్" అంటే చాలు.

అపోహ: ఆఫీసు గ్రూపులో "క్రైస్తవ సోదరులకు", "ముస్లిం సోదరులకు" అని పెడితే గౌరవం.

ఫ్లెక్సీ మీద అది నడుస్తుంది, ఊరందరికీ చెబుతున్నట్టు ఉంటుంది. ఇరవై మంది ఉన్న ఆఫీసు గ్రూపులో మాత్రం అది ముగ్గురిని వేలు పెట్టి చూపించడం. పైగా సోదరీమణులు ఎక్కడికి పోయారో తెలీదు. కొందరు తమ ప్రార్థన ఇంటి గడప దాటనివ్వరు. చుట్టాల వల్లనో ఉద్యోగం వల్లనో, కారణం వాళ్లది. ఎవరు ఏ గుడికి, ఏ చర్చికి వెళ్తారో వాళ్లు నోరు విప్పి చెప్పనిదే గ్రూపులో పేరు పెట్టి రాయకండి. "క్రిస్మస్ జరుపుకుంటున్న అందరికీ శుభాకాంక్షలు" అంటే ఎవరిదో వాళ్లే తీసుకుంటారు. తెలిసినవాళ్లకి విడిగా, వరస పెట్టి పిలుస్తూ, వాళ్ల ఒక్కరికే రాసినట్టు పంపండి.

క్రైస్తవులందరూ క్రిస్మస్ చేస్తారనుకోవడమూ పొరపాటే. బైబిల్లో ఆ తేదీ లేదని చేయని సంఘాలున్నాయి. ప్రవక్త పుట్టినరోజు మిలాద్ ఉన్ నబీ విషయంలో ముస్లింలలోనూ అలాగే రెండు అభిప్రాయాలున్నాయి. ఒకసారి అడిగి తెలుసుకుంటే ప్రతి ఏడూ పనికొస్తుంది.

అపోహ: వాళ్ల గ్రంథంలోని వాక్యం వేస్తే ఎక్కువ మర్యాద.

ఎక్కువమంది పట్టుబట్టేది దీనికే. నెట్లో దొరికిన అరబ్బీ వాక్యమో బైబిలు వచనమో తెచ్చి వేయమంటారు. అరబ్బీ నాకు చదవడం రాదు. కుడినుంచి ఎడమకి రావాల్సిన అక్షరాలు కొన్ని సాఫ్ట్‌వేర్లలో తిరగబడతాయి, కలిసి ఉండాల్సినవి విడిపోతాయి. రాని లిపిలో తప్పు పడితే పట్టుకునేది చదివేవాళ్లే, అదీ గోడకెక్కాక.

ఇంకో సంగతి మీరు గమనించే ఉంటారు. పండగైపోయాక ఆ ఫ్లెక్సీలు ఎక్కడికి పోతాయి? ధాన్యం కుప్పల మీదికి, బడ్డీ కొట్టు కప్పు మీదికి, పశువుల పాకలోకి. వచనం మీద మనుషులు కూర్చుంటారు, గేదె నడుస్తుంది. వినాయకుడి బొమ్మకీ ఇదే గతి. అందుకే ఫ్లెక్సీ మీద దేవుడి మాటా దేవుడి బొమ్మా రెండూ వద్దంటాను. నెలవంక, దీపం, మామిడాకులు, నక్షత్రం చాలు. ప్రవక్త పేరుతో ఏ మనిషి బొమ్మా ఎప్పుడూ వేయను, దాంట్లో బేరం లేదు.

ఫోన్ మెసేజ్‌లోనైనా వాళ్ల మాటల్ని అరువు తెచ్చుకోనక్కర్లేదు. చర్చికి వెళ్లని మీరు "ప్రైజ్ ద లార్డ్" అంటే వాళ్లకీ ఏదోలా ఉంటుంది. 'ఈద్ ముబారక్' అందరూ అనే మాటే, అనొచ్చు. లేదూ "పండగ శుభాకాంక్షలు భాయ్, ఇంట్లో పిల్లలకి కూడా చెప్పండి" అని మన తెలుగులో రాసినా అంతే బాగుంటుంది. మన దేవుణ్ని మధ్యలోకి తెచ్చి "పైడితల్లి అమ్మవారి దయతో మీకు ఈద్ శుభాకాంక్షలు" అని రాయించుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రేమతోనే రాశారు. అయినా ఆ ముందు ముక్క తీయించాను.

అపోహ: రంజాన్ మెసేజ్ ముందే టైము పెట్టి ఉంచుకోవచ్చు.

మనం రెండింటినీ రంజాన్ అనే అంటాం గానీ, రంజాన్ అనేది ఉపవాసాల నెల, నెల ముగిశాక వచ్చే పండగ ఈద్ ఉల్ ఫితర్. నెల మొదట్లో "రంజాన్ నెల శుభాకాంక్షలు", చివర్న "ఈద్ శుభాకాంక్షలు". నెల 29 రోజులా 30 రోజులా అనేది నెలవంక కనబడితే గానీ తేలదు. చంద్రమానం కాబట్టి ఏటికి సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతుంది, పోయినేడు తేదీ ఈ ఏడు పనికిరాదు.

క్యాలెండర్ చూసి పొద్దున్న ఆరింటికి వెళ్లేలా టైము పెట్టి పడుకుంటే ఒక్కోసారి ఏమవుతుందంటే, అవతలాయన ఆఖరి రోజా కోసం తెల్లవారకముందే సహెరీ తిని ఉంటాడు, మీ బిర్యానీ బొమ్మ వెళ్లి ఫోన్లో వాలుతుంది. ముందురోజు రాత్రి నెలవంక కబురు వచ్చాక పంపండి. బాబామెట్ట వైపు నుంచి ఏటా వచ్చే ఒకాయన ఉన్నాడు, ఇరవై తొమ్మిదో రోజా సాయంత్రం నా షాపులోనే కూర్చుంటాడు. ఫోన్ మోగాకే పోస్టర్ పూర్తి చేయిస్తాడు. తేదీ గడి అప్పటిదాకా ఖాళీగానే ఉంచుతాను.