వాట్సాప్ మెసేజ్‌ని మినిట్స్‌గా మార్చడం: అపోహలు - వాస్తవాలు

మా చిత్తూరు పక్క మామిడి పల్ప్ ఫ్యాక్టరీల్లో ఏప్రిల్, మే వచ్చిందంటే రోజు మార్చి రోజు మీటింగే. మీటింగ్ అయినాక మేనేజర్ సార్ కార్లో కూచోని గ్రూపులో ఒక మెసేజ్ కొడతారు, దాన్ని మినిట్స్‌గా, అంటే ఏం తేలింది, ఎవరు ఏం చెయ్యాల అనే మీటింగ్ రికార్డుగా మార్చేది నా పని. ఈ పని గురించి జనాల్లో ఉండే కొన్ని అపోహలు రాస్తా ఉన్నా. ఊరికే చెప్తే అర్థం కాదు కాబట్టి ఒక మెసేజ్ పెడతా, ఇట్లాంటివి మీ గ్రూపులో కూడా ఉండే ఉంటాయి:

"ఈరోజు పాయింట్స్. బాయిలర్ ట్రయల్ సీజన్ లోపల అయిపోవాల. డ్రమ్ములు, బ్యాగులు తొందరగా తెప్పించాల, పర్చేజ్ మేడమ్ చూస్తారు. వేబ్రిడ్జి స్టాంపింగ్ గుర్తుంది కదా. ట్రాక్టర్లకి టోకెన్ సిస్టమ్ పెడదాం, పోయినసారి మాదిరి రోడ్డు మీద క్యూ వద్దు. కోల్డ్ స్టోర్ అద్దె సంగతి డైరెక్టర్ గారితో మాట్లాడాల. థాంక్స్ ఆల్ 🙏"

అపోహ: భాష సరిచేసి నీట్‌గా టైప్ చేస్తే మినిట్స్ అయిపోతాయి

కావు. కొత్తగా చేరినోళ్ళు ఈ మెసేజ్‌నే తీసుకోని "బాయిలర్ ట్రయల్ గురించి చర్చించడమైనది, తగు చర్యలు తీసుకోవాలని నిర్ణయించడమైనది" అని రాస్తారు. చదవడానికి గంభీరంగా ఉంటుంది, పని మాత్రం అక్కడే ఉంటుంది. భాష ముట్టుకోకముందు ప్రతి లైనుకీ ఒకటే అడగండి: ఇది తేలిపోయిన నిర్ణయమా, ఎవరో ఒకరు చెయ్యాల్సిన పనా, ఇంకా తేలని విషయమా, లేకపోతే ఉత్త మాటా.

పై మెసేజ్‌లో టోకెన్ సిస్టమ్ నిర్ణయం, దానికి అందరూ ఒప్పుకున్నారు. కానీ దాని కిందే రెండు పనులు దాక్కోని ఉన్నాయి, టోకెన్ పుస్తకాలు అచ్చేయించడం ఒకటి, ఏ ఊరికి ఏ రోజని రైతులకి ముందే చెప్పడం ఇంకొకటి. మెసేజ్‌లో రెండూ లేవు. కోల్డ్ స్టోర్ తేలని విషయం, అద్దెకి తీసుకోవాలా వద్దా అనేదే ఖరారు కాలేదు కాబట్టి దాన్ని "కోల్డ్ స్టోర్ తీసుకోవాలి" అని పనుల్లో రాస్తే తప్పు. డైరెక్టర్ గారిని అడిగి జవాబు తెచ్చేదే అక్కడ పని. పోయినసారి క్యూ సంగతి ఉత్త మాట, అది మినిట్స్‌లోకి రానక్కర్లే.

అపోహ: మెసేజ్‌లో ఎవరి పేరుంటే బాధ్యత వాళ్ళదే

ఎక్కువ గొడవలు ఇక్కడే. "పర్చేజ్ మేడమ్ చూస్తారు" అన్నది సార్, మేడమ్ కాదు, పైగా ఆ రోజు ఆమె మీటింగ్‌లో సగం సేపే ఉండింది. పేరు రావడం వేరు, ఒప్పుకోవడం వేరు. అందుకే నేను మినిట్స్ పంపకముందే ఎవరికి వాళ్ళకి విడిగా ఒక మెసేజ్ పెడతా: "మేడమ్, డ్రమ్ముల పర్చేజ్ ఆర్డర్ మే 15 లోపల మీ పేరు మీద రాస్తా ఉన్నా, కుదరకపోతే ఏ తేదీ వెయ్యమంటారో చెప్పండి." ఉత్తగా "కన్ఫర్మ్ చెయ్యండి" అంటే బొటనవేలు గుర్తు ఒకటి కొట్టి ఊరుకుంటారు, అది చదివానని పెట్టిందో ఒప్పుకున్నానని పెట్టిందో ఎవరికీ తెలీదు. జవాబు రాకపోతే ఆ పేరు పక్కన "ప్రతిపాదన, ఇంకా ఒప్పుకోలేదు" అని రాసేస్తా. అది చూడగానే చాలామంది ఫోన్ చేస్తారు లెండి.

ఇంకోటి, ఒక పనికి ఒకే మనిషి. "స్టోర్స్ అండ్ పర్చేజ్" అని రాస్తే స్టోర్స్ అన్న పర్చేజ్ వైపు చూపిస్తాడు, వాళ్ళు ఈయన వైపు. డ్రమ్ముల పనిని నేను రెండుగా విడగొట్టా. ఆర్డర్ పెట్టేది మేడమ్, బండి వచ్చినాక దించుకోని లెక్క చూసి సొట్టపడినవి పక్కన పెట్టేది స్టోర్స్ అన్న. వేబ్రిడ్జి స్టాంపింగ్, అంటే బండ్లు తూచే కాటాకి ముద్ర వేయించే లైన్లో అయితే మనిషే లేడు, "గుర్తుంది కదా" అంటే గుర్తుండాల్సింది ఎవరికి? అట్లాంటి చోట మీకు తోచిన పేరు వెయ్యొద్దు, ఖాళీ పెట్టి సార్‌నే అడగండి.

(ఇక్కడ హోదాలతో రాస్తా ఉన్నా గానీ అసలు మినిట్స్‌లో మనిషి పేరే ఉండాల.)

అపోహ: "సీజన్ లోపల" అంటే అందరికీ తెలిసిందే కదా

తోతాపురి క్రషింగ్ మొదలయ్యేది జూన్‌లోనే అని అందరికీ తెలుసు, కానీ బాయిలర్‌కి "సీజన్ లోపల" అంటే క్రషింగ్ మొదటి రోజుకి ముందురోజు కాదు. వెనక నుంచి లెక్కేసుకోవాల. క్రషింగ్ జూన్ 5 అనుకుంటే, ఆ లోపల లైన్‌ని నీళ్ళతో నడిపి కడిగి స్టెరిలైజ్ చేసి చూడాల, దానికి స్టీమ్ కావాల, స్టీమ్ కావాలంటే బాయిలర్ ముందే రెడీ అయ్యుండాల, ట్రయల్‌లో ఏదన్నా లీకు కనపడితే రిపేరుకి నాలుగు రోజులైనా చేతిలో ఉండాల. మెయింటెనెన్స్ అన్నతో కూచోని ఈ లెక్క వేస్తే మే 24 వచ్చింది. డ్రమ్ములకీ అంతే, సప్లయర్ ఆర్డర్ అందినాక 12 రోజులు అడిగాడు, మే 30కి గోడౌన్‌లో ఉండాలంటే 18 నాటికి పర్చేజ్ ఆర్డర్, అదే పీవో, పోవాల, మధ్యలో ఆదివారం, రేటు బేరం చూసుకోని 15 అని వేశాం. మేడమ్ చేతిలో ఉండేది పీవో తేదీ, బండి వచ్చే తేదీ కాదు, అందుకే ఆమె పేరు పక్కన పీవో తేదీనే పెట్టా.

తేదీ పక్కన వారం కూడా రాయండి, ఆదివారం పడిందేమో అక్కడే తెలిసిపోతుంది. మాకైతే మే నెలలో ఇంకో చిక్కు, తిరపతి గంగమ్మ జాతర వారం ఆ పక్క నుంచి వచ్చే ఫిట్టర్లు దొరకరు, ఆ వారంలో డెడ్‌లైన్ పెడితే అది కాగితం మీదే ఉంటుంది. తేదీ మాత్రం మీరు సొంతంగా పుట్టించొద్దు. లెక్క వేసి అడగొచ్చు, ఒప్పుకున్నాకే రాయాల.

పని అయిపోయిందని ఎట్లా తెలుస్తుందో కూడా ఒక ముక్క ఉండాల. మా మెసేజ్ చివరికి ఇట్లా తేలింది:

నిర్ణయం: ఈ సీజన్ ట్రాక్టర్లకి టోకెన్ పద్ధతి.
1. బాయిలర్‌ని పని ప్రెషర్‌లో రెండు గంటలు నడిపి లాగ్ షీటు ఇవ్వడం - మెయింటెనెన్స్ - మే 24
2. డ్రమ్ములు, బ్యాగుల పీవో సప్లయర్‌కి పంపడం - పర్చేజ్ - మే 15
3. సరుకు దించి, లెక్క, డ్యామేజీ రాసివ్వడం - స్టోర్స్ - మే 30
4. వేబ్రిడ్జి సర్టిఫికెట్ తేదీ చూసి స్టాంపింగ్‌కి అప్లై చెయ్యడం - పేరు ఖరారు కాలేదు, సార్ చెప్పాల
5. టోకెన్ పుస్తకాలు అచ్చేయించడం - గేట్ ఇన్‌చార్జ్ - మే 25
6. ఊర్ల వారీగా రోజులు రైతులకి చెప్పడం - ఫీల్డ్ ఆఫీసర్ - జూన్ 1
తేలనిది: కోల్డ్ స్టోర్ అద్దె. డైరెక్టర్ గారి జవాబు తెచ్చేది - మేనేజర్ సార్ - మే 20

ఐదు లైన్ల మెసేజ్‌లో ఏడు పనులు, అందులో ఒకదానికి ఇప్పటికీ మనిషి లేడు. ఆ ఖాళీ కనపడాలనే అట్లా వదిలేశా, సార్‌కి అది నచ్చలేదు గానీ.

అపోహ: పంపేస్తే మన పని అయిపోయినట్టే

బోర్డు మీటింగులకి కంపెనీ సెక్రటరీలు పాటించే సెక్రటేరియల్ స్టాండర్డ్ ఎస్‌ఎస్-1 ప్రకారం డ్రాఫ్ట్ 15 రోజుల్లో పంపాల, డైరెక్టర్లు 7 రోజుల్లో అభ్యంతరాలు చెప్పాల, 30 రోజుల్లో మినిట్స్ బుక్‌లోకి ఎక్కాల. మన ఫ్యాక్టరీ మీటింగులకి ఆ రూలు లేదు, అంత టైమూ లేదు, కానీ డ్రాఫ్ట్ పెట్టి సరిదిద్దేదానికి గడువిచ్చే పద్ధతి మాత్రం మనమూ తీసుకోవచ్చు. నేను అదే సాయంత్రం డ్రాఫ్ట్ పెట్టి రేపు మధ్యాహ్నం లోపల మార్పులు చెప్పమంటా. ఎవరన్నా తేదీ మార్చమంటే పాత తేదీ చెరపను, పక్కనే కొత్తది రాసి ఎవరు అడిగారో పెడతా. పని నంబర్లు కూడా మార్చను, 2 వచ్చే మీటింగ్‌లో కూడా 2నే, 4కి మనిషి దొరికేదాకా అది ప్రతి మీటింగ్‌లో మొదటి పాయింటే. సార్ పెట్టిన అసలు మెసేజ్‌ని కూడా కింద అతికిస్తా, "నేను అట్లా అనలేదప్పా" అనే మాట వచ్చినప్పుడు వెతుక్కునే పని లేకుండా.