అపోహలు - వాస్తవాలు: డ్రిప్పు సగటు ప్రవాహం సరిగ్గా ఉంటే తోటంతా సమానంగా తడిసినట్టేనా?

నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర ఒక నిమ్మ తోటలో నేను తీసిన పదహారు కొలతల ఆధారంగానే ఈ వ్యాసమంతా నడుస్తుంది. వ్యవసాయ ఇంజనీరింగ్ పరీక్షలకు చదివేవారు తరచుగా పొరబడే మూడు విషయాలూ ఆ ఒక్క తోటలోనే కనిపించాయి కనుక వేరే ఉదాహరణలు వెతకలేదు.

తోటలో చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 10 మీటర్ల పీడనం దగ్గర, అంటే సుమారు 1 కిలో/చ.సెం.మీ. దగ్గర, గంటకు 4 లీటర్లు ఇవ్వాలి. బోరు నీటిని ముందు ఎండ పడే సిమెంటు తొట్టిలోకి ఎత్తి, అక్కడి నుంచి మరో మోటారుతో డ్రిప్పుకు పంపుతున్నారు. మోటారు దగ్గర హైడ్రోసైక్లోన్, దాని తరువాత 120 మెష్ స్క్రీన్ ఫిల్టర్ ఉన్నాయి. తోటలో నీటిని పంచే గొట్టమైన సబ్‌మెయిన్ చివరి వైపు చెట్లు వాడుతున్నాయని రైతు చెప్పారు. "ప్రెజరు పెంచితే సరిపోతుంది గదా సార్" అన్నది ఆయన ఆలోచన.

అపోహ: పీడనం రెట్టింపు చేస్తే డ్రిప్పర్ ప్రవాహం కూడా రెట్టింపవుతుంది.

వాస్తవం: డ్రిప్పర్ ప్రవాహాన్ని నిర్ణయించే సమీకరణం ఇది.

q = k·H^x

ఇందులో q ప్రవాహం, H పీడనం, k ఆ డ్రిప్పర్‌కు స్థిరాంకం, x డ్రిప్పర్ స్వభావాన్ని చెబుతుంది. లోపల నీరు సుడులు తిరుగుతూ వెళ్లే మామూలు డ్రిప్పర్లలో అది 0.5 దగ్గర ఉంటుంది, నీరు నెమ్మదిగా పొరలుగా సాగే సన్నని గొట్టపు డ్రిప్పర్లలో 1కి చేరుతుంది, పీడనాన్ని తనంతట తాను సర్దుకునే డ్రిప్పర్లలో దాదాపు 0 అవుతుంది. మన డ్రిప్పర్‌కు x విలువ 0.5 కనుక 10 మీటర్ల పీడనాన్ని 20 మీటర్లకు పెంచినా ప్రవాహం 4 నుంచి 5.66 లీటర్లకే పెరుగుతుంది. పరీక్షలో రెండు పీడనాలూ రెండు ప్రవాహాలూ ఇచ్చి x అడిగితే, ప్రవాహాల నిష్పత్తి లాగరిథమ్‌ను పీడనాల నిష్పత్తి లాగరిథమ్‌తో భాగించాలి. 10 మీటర్ల దగ్గర 4, 15 మీటర్ల దగ్గర 4.9 లీటర్లు వస్తే x విలువ 0.5 అని తేలుతుంది.

ప్రవాహంలో తేడా 10 శాతం దాటకూడదన్న నియమం నుంచి పీడనంలో సుమారు 20 శాతం తేడాను అనుమతించవచ్చన్న సంగతి కూడా ఇదే సమీకరణం నుంచి వస్తుంది. చాలామంది ఆ 20 శాతాన్ని ఏ డ్రిప్పర్‌కైనా వర్తించే సంఖ్యగా బట్టీపడతారు. x విలువ 1 అయితే పీడనంలో 10 శాతం తేడాకే ఆ హద్దు వచ్చేస్తుంది.

అపోహ: ఏకరూపతా గుణకం బాగుంటే ఏ చెట్టుకూ నీరు తక్కువ పడదు.

వాస్తవం: ఇక్కడ కొలతల్లోకి వెళ్లక తప్పదు. సబ్‌మెయిన్ మొదటి వైపున రెండు, చివరి వైపున రెండు లేటరళ్లను, అంటే డ్రిప్పర్లు ఉండే సన్నని గొట్టాలను, ఎంచుకుని, ఒక్కొక్క దానిపై నాలుగు చోట్ల డ్రిప్పర్ కింద గిన్నె పెట్టి, మూడు నిమిషాల నీటిని కొలజాడీలో కొలిచాను. మొదటి వైపు ఎనిమిది చోట్లా 210 మిల్లీలీటర్లు వచ్చాయి, అంటే గంటకు 4.2 లీటర్లు. చివరి వైపు లేటరళ్లలో ముందున్న నాలుగు చోట్ల 200 మిల్లీలీటర్లు, అంటే 4.0 లీటర్లు, తోక భాగంలోని నాలుగు చోట్ల 140 మిల్లీలీటర్లు, అంటే 2.8 లీటర్లు వచ్చాయి.

మొత్తం 60.8, సగటు 3.8 లీటర్లు. ఉండవలసిన 4 లీటర్లలో ఇది 95 శాతం కనుక సగటును మాత్రమే చూసినవారికి తోటలో లోపమేదీ కనిపించదు. ఇప్పుడు క్రిస్టియన్‌సెన్ ఏకరూపతా గుణకం చూద్దాం.

CU = 100·(1 − Σ|q − q̄| / (n·q̄))

ఇందులో n అంటే కొలతల సంఖ్య, q̄ అంటే వాటి సగటు. సగటు నుంచి తేడాలు ఎనిమిది చోట్ల 0.4, నాలుగు చోట్ల 0.2, నాలుగు చోట్ల 1.0 చొప్పున ఉన్నాయి. వాటి మొత్తం 8.0 కనుక గుణకం 86.8 శాతం వస్తుంది. ఇది కూడా ఆందోళన కలిగించే సంఖ్య కాదు. కారణమేమిటంటే, ఈ సూత్రం ఎక్కువ పడినదాన్నీ తక్కువ పడినదాన్నీ ఒకే తీరున లెక్కించి, పదహారు చోట్లకూ పంచివేస్తుంది. పొలంలో కొలిచే ఉద్గార ఏకరూపత అలా పంచదు. అది అతి తక్కువ నీరు పొందిన నాలుగో వంతు డ్రిప్పర్ల సగటును మొత్తం సగటుతో భాగిస్తుంది. 2.8ని 3.8తో భాగిస్తే 73.7 శాతమే వస్తుంది. వాడిన చెట్ల సంగతి ఈ సంఖ్యే చెప్పింది.

కాగితం మీది ఏకరూపతకు మరో సూత్రం ఉంది.

EU = 100·(1 − 1.27·Cv/√n)·qmin/qavg

ఇందులో n అంటే చెట్టుకు ఉన్న డ్రిప్పర్ల సంఖ్య, Cv అంటే తయారీలో వచ్చే వైవిధ్యం. Cv 0.05 అనుకుని, ఏ డ్రిప్పరూ పూడుకోనట్టు లెక్కవేసి, n 4గా, అతి తక్కువ ప్రవాహం 4.0గా, సగటు 4.1గా తీసుకుంటే 94.5 శాతం వస్తుంది. ఈ సూత్రంలో పూడికకు చోటే లేదు, అందుకే రూపకల్పన విలువకూ పొలంలో కొలిచిన విలువకూ ఇంత దూరం ఏర్పడింది. ప్రశ్నలో పొలం కొలతలు ఇస్తే ఈ సూత్రాన్ని వాడకూడదు.

లోపం పీడనానిదా, పూడికదా అన్నది ఒక్క పీడన మాపకంతో తేల్చవచ్చు. మొదటి వైపు 11 మీటర్లు, చివరి వైపు తోక భాగంలో కూడా 10 మీటర్లు చూపింది. 11 మీటర్లకు 4.2, 10 మీటర్లకు 4.0 లీటర్లు రావాలి కనుక మొదటి పన్నెండు కొలతలకు పీడనమే వివరణ. మిగిలిన నాలుగు డ్రిప్పర్లు పీడనం తగ్గినందువల్లే 2.8 లీటర్లు ఇస్తున్నట్లయితే, 0.7 వర్గం 0.49 కనుక, అక్కడ మాపకం 4.9 మీటర్లే చూపాలి. 10 చూపింది కనుక అవి పూడుకున్నాయి. మోటారు పీడనం పెంచి ఉంటే మొదటి వైపు చెట్లకే మరింత నీరు పోయేది.

అపోహ: హైడ్రోసైక్లోన్, సన్నని స్క్రీన్ ఉంటే ఏ నీటికైనా చాలు.

వాస్తవం: హైడ్రోసైక్లోన్ నీటిని గిరగిరా తిప్పి, నీటికన్నా బరువైన ఇసుకను వేరుచేస్తుంది. పాచి దాదాపు నీటంత బరువే ఉంటుంది కనుక అందులో చిక్కదు. స్క్రీన్‌పై చిక్కినా, మెత్తగా ఉండడం వల్ల పీడనానికి రంధ్రాల్లోంచి జారిపోయి, నీటి వేగం తగ్గే లేటరల్ తోకల్లో పేరుకుంటుంది. ఈ తోటలో బోరు నీరు తొట్టిలో ఎండకు నిలవడంతోనే చెరువు నీటి స్వభావం వచ్చింది, ఫిల్టర్లు మాత్రం బోరు నీటికి ఎంచుకున్నవే ఉండిపోయాయి.

మెష్ సంఖ్య పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. డ్రిప్పర్ దారి వెడల్పులో ఏడో వంతు నుంచి పదో వంతు వరకు రంధ్రం ఉండాలి. 1 మిల్లీమీటరు దారికి అది సుమారు 143 నుంచి 100 మైక్రాన్లు కనుక, 130 మైక్రాన్ల దగ్గరుండే 120 మెష్ సరైనదే. దాన్ని 200 మెష్‌కు మార్చితే పాచికి త్వరగా మూసుకుపోయి, ఫిల్టర్ దగ్గరే పీడనం పోతుంది.

అక్కడ కావలసింది ఇసుక ఫిల్టర్. దాన్ని హైడ్రోసైక్లోన్ తరువాత, స్క్రీన్‌కు ముందు పెట్టించాము, దాని నుంచి జారే ఇసుకను స్క్రీన్ పట్టుకుంటుంది. తొట్టికి కప్పు వేయించి, క్లోరిన్ పట్టించి, లేటరల్ చివరలు విప్పి తెల్లనీళ్లు వచ్చేదాకా కడిగాము. క్లోరిన్‌నూ ఆమ్లాన్నీ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

తరువాత అవే పదహారు చోట్ల కొలిస్తే, తోక డ్రిప్పర్లు నాలుగూ 190 మిల్లీలీటర్లు, అంటే 3.8 లీటర్లు ఇచ్చాయి. సగటు 4.05, ఉద్గార ఏకరూపత 93.8, క్రిస్టియన్‌సెన్ గుణకం 96.3 శాతం. ఇంకా 10 మిల్లీలీటర్లు తక్కువే కనుక ఆ నాలుగు డ్రిప్పర్లకు గుర్తుగా రంగు గుడ్డ కట్టించి, వచ్చే తడులలో మళ్లీ కొలవమని రైతుకు కొలజాడీ ఇచ్చి వచ్చాను.