కుర్చీ నీడ ఎటు పడాలి, ఏ రంగులో ఉండాలి?

మిట్ట మధ్యాహ్నం దాటి ఎండ వాలుతున్న వేళ ఆరుబయట తీసిన ఫోటో ఒకటి ఉందనుకుందాం. సిమెంటు నేల, దాని మీద తెల్ల రంగు వేసిన రెండు పొట్టి స్తంభాలు, వాటి నీడలు. ఇంట్లో బల్బు వెలుగులో తీసిన తెల్ల ప్లాస్టిక్ కుర్చీ బొమ్మను ఫోటోషాప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించి ఈ నేల మీద నిలబెట్టాలి. చాలామంది పక్కనున్న స్తంభం నీడ ఎటు ఉందో చూసి, కుర్చీ నీడను దానికి సమాంతరంగా గీసేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది.

సూర్యుడు మనకు దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి నేల మీద నిలువు వస్తువుల నీడలన్నీ నిజంగానే సమాంతరంగా పడతాయి. కానీ రైలు పట్టాలు ఫోటోలో దూరాన కలిసినట్టే ఈ నీడలూ కలుస్తాయి. ఎక్కడ కలుస్తాయో కనిపెట్టడానికి స్కేలు చాలు. ఒక్కో స్తంభం మొదలు నుంచి దాని నీడ పొడవునా గీత గీసి ముందుకు పొడిగించండి. రెండు గీతలూ నింగీ నేలా కలిసే రేఖ మీద, అంటే దిగంత రేఖ మీద, ఒక చోట కలుస్తాయి. దాన్ని నీడల బిందువు అందాం. తర్వాత ఒక్కో స్తంభం కొస నుంచి దాని నీడ కొసకు గీత గీసి పొడిగించండి. ఇవీ ఒకచోట కలుస్తాయి. దాన్ని కిరణాల బిందువు అందాం. సూర్యుడు కెమెరాకు ఎదురుగా ఉంటే అది ఫోటోలో సూర్యుడున్న చోటే. వెనక ఉంటే దిగంత రేఖకు కింద, తరచూ ఫ్రేమ్ బయట పడుతుంది. కెమెరాను వంచకుండా నిటారుగా పట్టుకుని తీసిన ఫోటోలో ఈ రెండు బిందువులూ ఒకే నిలువు గీత మీద ఉంటాయి. లేకపోతే మీరు గీసిన గీతల్లో ఏదో పక్కకు పోయిందన్నమాట.

మన ఫోటో 3000 పిక్సెళ్ల వెడల్పు, 2000 ఎత్తు అనుకుందాం. దిగంత రేఖ పైనుంచి 1000వ పిక్సెల్ దగ్గరుంది. సూర్యుడు కెమెరాకు వెనక, ఎడమవైపు ఉన్నాడు. నీడల బిందువు ఎడమ నుంచి 2600, పైనుంచి 1000 దగ్గర తేలింది. కిరణాల బిందువు 2600, 2400 దగ్గర, అంటే ఫోటో అడుగు దాటి 400 పిక్సెళ్ల కింద. కాన్వాస్‌ను కిందకు పెంచుకోక తప్పదు.

ఇప్పుడు కుర్చీ వెనక కాలు ఒకటి 1000, 1700 దగ్గర నేలను తాకుతుంది, వీపు కొస దానికి సరిగ్గా పైన 1350 దగ్గర ఉంది. కాలి నుంచి నీడల బిందువుకు ఒక గీత, కొస నుంచి కిరణాల బిందువుకు ఇంకో గీత గీస్తే రెండూ 1320, 1560 దగ్గర ఖండించుకుంటాయి. కొస నీడ అక్కడే పడాలి. ఇలాగే నాలుగు కాళ్లకూ, కూర్చునే పలక నాలుగు మూలలకూ చేసి చుక్కలు కలిపితే నీడ ఆకారం వస్తుంది. పది నిమిషాల పని. దీన్ని తప్పించుకోవడానికి కుర్చీ బొమ్మనే నల్లగా మార్చి పక్కకు వంచి నేల మీద పడుకోబెట్టేవాళ్లున్నారు. స్తంభానికి ఆ కిటుకు పనికొస్తుంది, కుర్చీకి పనికిరాదు. నీడ అంటే సూర్యుడి వైపు నుంచి చూస్తే కనిపించే ఆకారం, కెమెరాకు కనిపించేది కాదు. వంచిన బొమ్మలో ఒక కాలి నీడ ఆ కాలికి అంటుకుంటుంది, మిగతా మూడూ గాల్లో తేలుతుంటాయి.

ఈ గీతల సూత్రంతోనే దొంగ ఫోటోలను పట్టుకోవచ్చని 2013లో ఎరిక్ కీ, జేమ్స్ ఓబ్రియన్, హానీ ఫరీద్ ఒక పరిశోధన పత్రంలో చూపించారు. కంటికి సరిపోయినట్టే కనిపించే నీడ గీతలకు దొరికిపోతుంది.

నీడ అంచు అంతటా ఒకేలా ఉండకూడదు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే అడ్డుపడిన వస్తువుకూ నీడ పడిన చోటుకూ మధ్య దూరంలో దాదాపు నూరో వంతు మేర అంచు మసకబారుతుంది. మన కుర్చీ 80 సెంటీమీటర్ల ఎత్తు, ఎండ వాలు సుమారు 30 డిగ్రీలు. వీపు కొస నుంచి నీడ కొసకు 1.6 మీటర్లు. అక్కడ నీడ పక్క అంచుల మసక ఒకటిన్నర సెంటీమీటరు, ఈ ఫోటోలో అయిదు పిక్సెళ్లు. కాలి దగ్గర మాత్రం కత్తితో కోసినట్టుండాలి. నీడ మొత్తానికి ఒకే బ్లర్ కొడితే కుర్చీ నేల మీంచి లేచినట్టుంటుంది.

ఇక రంగు. నీడ నలుపు కాదు. ఎండ ఆగిపోయినా ఆకాశపు వెలుగు అక్కడ పడుతూనే ఉంటుంది, అందుకే అందులో నీలి ఛాయ. ఎంత నీలమో ఊహించక్కర్లేదు, ఆ ఫోటోలోనే రాసి ఉంది. సిమెంటు నేల మీద ఎండలో ఒకచోట, స్తంభం నీడలో ఒకచోట ఐడ్రాపర్ పెట్టండి. ఒక్క పిక్సెల్ మీద కాకుండా చుట్టూ కొంత మేర సగటు తీసుకోండి. ఎండలో ఎరుపు 200, ఆకుపచ్చ 190, నీలం 175 వచ్చాయి. నీడలో 90, 94, 98. ఒక్కో రంగులో నీడ విలువను ఎండ విలువతో భాగించి 255తో గుణిస్తే 115, 126, 143 వస్తాయి. ఈ రంగు నింపిన లేయర్‌ను Multiply మోడ్‌లో, Opacity 100 ఉంచి వేస్తే నేల సరిగ్గా స్తంభం నీడ రంగుకు దిగుతుంది. నీడ పక్కనే ఉన్న ఎర్ర ఇటుక మీదకు పాకినా దాదాపు ఇదే రంగు సరిపోతుంది, ఎందుకంటే మనం కొలిచింది నేల రంగును కాదు, వెలుగు ఎంత తగ్గిందన్నదాన్ని. ఎండ పడిన చోట ఏదైనా విలువ 255కి తగిలి ఆగిపోయి ఉంటే మాత్రం లెక్క తప్పుతుంది. అప్పుడు కాస్త ముదురు నేల వెతుక్కోవాలి.

కుర్చీ రంగు దగ్గర పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. స్తంభం తెల్లది, కుర్చీ తెల్లది, కనుక పోల్చడం సులువు. స్తంభం ఎండ వైపు నీలం విలువ 212, నీడ వైపు 122. బల్బు కింద తీసిన కుర్చీ వెలుగు వైపు నీలం 186, చీకటి వైపు 88. వైట్ బ్యాలెన్స్ జరిపి 186ను 212 చేశారనుకోండి, 88 కాస్తా సుమారు 100 అవుతుంది. కావలసింది 122. ఇంట్లో నీడ వైపు పడేది గోడల నుంచి తిరిగొచ్చిన అదే పసుపు వెలుగు, బయట నీడ వైపు పడేది ఆకాశపు నీలం. ఒక్క మీట జరిపితే రెండూ కుదరవు. Curves తెరిచి నీలం గీత మీద రెండు చుక్కలు పెట్టాలి: 88ని 122కు, 186ను 212కు. ఎరుపుకూ ఆకుపచ్చకూ కూడా అంతే. అయితే కుర్చీ మీద వెలుగు పడిన వైపు కూడా ఎడమ, ముందు వైపే అయి ఉండాలి. కుడివైపుంటే బొమ్మను అద్దంలోలా తిప్పొచ్చు, అక్షరాలేమీ లేకపోతే. వెనక నుంచి వెలుగు పడిన కుర్చీని ఏ కర్వూ బాగుచేయలేదు. ఇంకో ఫోటో తీసుకోవడమే.

చివరగా రెండు చిన్న చోట్లు చూసుకోవాలి. కాలు నేలను తాకే దగ్గర ఆకాశపు వెలుగు కూడా దూరదు, కాబట్టి అక్కడ రెండు మూడు పిక్సెళ్ల మేర నీడ మిగతా నీడకన్నా ముదురుగా ఉండాలి. ఇక కుర్చీ నీడ స్తంభం నీడ మీద పడితే ఆ కలిసిన భాగాన్ని మాస్క్‌తో తీసేయాలి. అక్కడ ఎండ ముందే ఆగిపోయింది, రెండోసారి ఆగడానికి ఏమీ లేదు. అయినా ఆ చోట నేల ఇంకా నల్లబడి ఉంటే, Multiply లేయర్ రెండు నీడలనూ ఒకదాని మీద ఒకటి వేసేసిందన్నమాట.