మనం వెళ్ళామా, మేం వెళ్ళామా: భాష ఇచ్చిపుచ్చుకునే జోడీల్లో ఏం జరుగుతుంది

న్యూజెర్సీలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయిని తీసుకుందాం. ఇంట్లో వాళ్ళు తెలుగులో మాట్లాడితే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి సంగతి ఇంకోలా ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకం చదివేస్తాడు, మాట్లాడమంటే మాట కోసం తడుముకుంటాడు. ఒకరికి కావలసింది రెండో వాళ్ళ దగ్గర ఉంది కాబట్టి వారానికోసారి గంట సేపు కాల్‌లో మాట్లాడుకుంటే ఇద్దరికీ లాభమేనని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ పద్ధతిని టాండెం అంటారు. ఇద్దరు కలిసి తొక్కే సైకిల్ పేరే దీనికీ పెట్టారు. 1960ల్లో ఫ్రెంచి, జర్మన్ యువతను ఒకచోట చేర్చిన కార్యక్రమాల్లో ఇది రూపు కట్టింది. 1990ల్లో జర్మనీలోని బోఖుం విశ్వవిద్యాలయం వాళ్ళు ఈమెయిల్ ద్వారా దూరదేశాల జోడీలను కలిపారు. అప్పటినుంచీ దీనికి సూత్రాలు రెండే: ఇద్దరికీ సమానంగా దక్కాలి, ఎవరి చదువుకు వాళ్ళే పూచీ.

మన జోడీ మొదటి రెండు వారాలూ హుషారుగా మాట్లాడుకుంటుంది. మూడో వారానికల్లా అంతా ఇంగ్లీషులోనే సాగుతుంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇద్దరికీ ఏ భాషలో తక్కువ శ్రమతో పని జరిగితే మాట అటే జారుతుంది. అబ్బాయి ఇంగ్లీషు తడబడినా నడుస్తుంది, అమ్మాయి తెలుగు రెండు వాక్యాలకే ఆగిపోతుంది. సిగ్గరి అయినా, మొహమాటస్తుడు అయినా కాసేపు ఓర్చుకుని తర్వాత ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాడు. దీనికి విరుగుడు గడియారమే. మొదటి 25 నిమిషాలూ తెలుగు, తర్వాతి 25 నిమిషాలూ ఇంగ్లీషు, చివరి పది నిమిషాలూ తప్పుల లెక్క. ఫోన్‌లో అలారం మోగగానే వాక్యం సగంలో ఉన్నా భాష మారాలి. ఇద్దరిలో ఎవరిది బలహీనమైన భాషో దాన్నే ముందు పెట్టాలి, ఎందుకంటే అలసిపోయాక దాని జోలికి ఎవరూ వెళ్ళరు.

భాష నిలిచినంత మాత్రాన నేర్పు రాదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. అమ్మాయి వాళ్ళమ్మతో గుడికి వెళ్ళి వచ్చి, "నిన్న మనం గుడికి వెళ్ళాం" అంటుంది. అబ్బాయికి సంగతి అర్థమైపోయింది, "ఏ గుడి?" అని అడుగుతాడు. కబుర్లకు కావలసింది అర్థం కావడమే కాబట్టి తప్పు అలాగే జారిపోతుంది. కాస్త శ్రద్ధ ఉన్నవాడైతే "ఓ, మీరు గుడికి వెళ్ళారా" అని సరైన రూపం వినిపిస్తాడు. అదీ ఆమె చెవికి మామూలు మాటలాగే తగులుతుంది. కెనడాలో ఫ్రెంచిలో పాఠాలు చెప్పే ప్రాథమిక తరగతులను రాయ్ లిస్టర్, లైలా రాంటా పరిశీలించి 1997లో ప్రచురించిన లెక్కల్లో ఇదే కనబడింది. టీచర్ల దిద్దుబాట్లలో సగానికి పైగా ఇలా సరైన వాక్యాన్ని తిరిగి పలకడమే. వాటికి పిల్లలు స్పందించింది మాత్రం మూడింట ఒక వంతు కంటే తక్కువ. జవాబును పిల్లల నోటే రప్పించే ప్రశ్న వేసినప్పుడు ప్రతిసారీ ఏదో ఒక స్పందన వచ్చింది, సగానికి దగ్గరగా తప్పు సరైంది కూడా. అవి తరగతి గదులు, మనవి కాల్స్, కాబట్టి అంకెలు అచ్చంగా ఇక్కడ వర్తించకపోవచ్చు. కానీ కిటుకు పనికొస్తుంది. అబ్బాయి "నేనూ వచ్చానా?" అని అడిగితే చాలు. ఆమె ఒక్క క్షణం ఆగి, నవ్వి, "మేం వెళ్ళాం" అంటుంది.

ఎందుకిలా అని మాత్రం అబ్బాయిని అడగకూడదు. "అలా అనరు, అంతే" అనడం తప్ప అతని దగ్గర జవాబుండదు. పుట్టుకతో వచ్చిన భాషకు సూత్రాలు ఎవరూ బట్టీ పట్టలేదుగా. ఇంగ్లీషు వంతులోనూ ఇదే పరిస్థితి. అబ్బాయి "సిన్స్ టూ ఇయర్స్" అంటాడు, అమ్మాయి "ఫర్" అని దిద్దుతుంది, కారణం చెప్పలేక ఇబ్బంది పడుతుంది. ఇక్కడ అడగాల్సింది వివరణ కాదు, మరో నాలుగు వాక్యాలు. "ఫర్ టూ ఇయర్స్, ఫర్ ఎ వీక్, సిన్స్ మండే, సిన్స్ 2022" అని ఆమె చెప్పగానే అబ్బాయికే దారి దొరుకుతుంది: ఎంత కాలమో చెబితే ఒకటి, ఎప్పుడు మొదలైందో చెబితే ఇంకొకటి. తెలుగులో "రెండేళ్ళ నుంచి", "2022 నుంచి" అని రెండింటికీ ఒకటే "నుంచి" సరిపోతుంది. తప్పు పుట్టింది అక్కడే. ఇంగ్లీషులో మనం, మేం రెండింటికీ ఒకటే "వి" ఉన్నట్టు. ఇలాంటి జంట తప్పులు దొరికినప్పుడు ఆ గంట నిజంగా గిట్టుబాటు అవుతుంది.

ప్రతి మాటకూ అడ్డుపడితే ఎదుటివాళ్ళు నోరు మూసుకుంటారు. అందుకే వినేవాళ్ళు కాగితం మీద తప్పులు రాసుకుంటూ పోవాలి, అర్థం చెడినప్పుడే మధ్యలో ఆపాలి. చివరి పది నిమిషాల్లో ఒక్కొక్కరికి ఐదే ఐదు తప్పులు చెప్పాలి. పదిహేను చెప్పినా మర్నాటికి గుర్తుండవు. చెప్పాక, మొదట మూడు నిమిషాలు తీసుకున్న గుడి ముచ్చటనే ఇప్పుడు నిమిషంన్నరలో మళ్ళీ చెప్పించాలి. సంగతి పాతదే కాబట్టి ఆలోచనంతా భాష మీద నిలుస్తుంది. వచ్చే వారం కాల్ అదే ఐదింటితో మొదలవ్వాలి.

యాసల గురించి ముందే మాట్లాడుకుంటే మంచిది. అమ్మాయి వాళ్ళది గుంటూరైతే ఆమె "వస్తున్నావా" అంటుంది, అబ్బాయి ఇంట్లో "వస్తున్నవా" అంటారు. తేడా వేరు, తప్పు వేరు. దిద్దుబాటు కాగితం మీదికి మొదటిది ఎక్కకూడదు.

ఇంకో లోటు త్వరగా బయటపడదు. ఒకే వయసు వాళ్ళు "నువ్వు"తోనే మాట్లాడుకుంటారు కాబట్టి ఆరు నెలలైనా అమ్మాయి నోట "వస్తారా, తింటారా" పలకదు. సెలవులకు వచ్చినప్పుడు పెదనాన్నను "ఎప్పుడు వచ్చావ్?" అని పలకరిస్తుంది. వారానికి ఐదు నిమిషాలు అబ్బాయి పెదనాన్నగానో, బ్యాంకు మేనేజరుగానో మారి మాట్లాడాలి. మొదట్లో నవ్వులాటగా ఉన్నా, వేరే దారి లేదు.

అసలు మాటే రాని స్థితిలో ఉన్నవాళ్ళకు ఈ పద్ధతి పనికిరాదు. తన ఊరు, తన రోజు గురించి వరసగా పది వాక్యాలు చెప్పలేకపోతే ముందు టీచర్ దగ్గరికి వెళ్ళడమే నయం. లేకపోతే 25 నిమిషాలూ జోడీ జీతం లేని పంతులైపోతాడు. ఒకరికి ఐఈఎల్‌టీఎస్ తేదీ దగ్గరపడి, రెండోవారికి కాలక్షేపమైతే పరీక్ష అయిన మర్నాడే కాల్స్ ఆగిపోతాయి. అందుకే మొదట ఎనిమిది వారాలకే ఒప్పుకోవాలి. ఇద్దరి ఒప్పుకోలుతో మొదటి కాల్, నాలుగో కాల్ రికార్డు చేసుకుని తెలుగు వంతులోంచి ఐదేసి నిమిషాలు వినాలి. అందులో అబ్బాయి గొంతే ఎక్కువ వినబడితే, అమ్మాయి నేర్చుకోవడం లేదు, వింటోంది.

వేళల్లో ఒక మెలిక ఉంది. ఇక్కడ శనివారం ఉదయం ఏడున్నర అంటే వేసవిలో అక్కడ శుక్రవారం రాత్రి పది. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి పోతాయి, మనవి పోవు. రాత్రి పదే కావాలంటే వరంగల్‌లో ఎనిమిదిన్నరకు కూర్చోవాలి. ఈ సంగతి ముందే రాసి పెట్టుకోకపోతే ఆ వారం ఇద్దరూ ఒకరికోసం ఒకరు గంట ఎదురుచూసి, రానందుకు చిన్నబుచ్చుకుంటారు.