ఎనిమిదో నంబరు షూలో ముప్పై మూడు గింజలు

మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. తమ్ముడి పెళ్లికి వస్తూ ఫోన్ చేసి, "బావా, అక్కడే ఒక జత నల్ల షూ తీసి ఉంచు, నాది నైన్" అన్నాడు. గుంటూరులో తొమ్మిదో నంబరు జత తెచ్చి పెట్టాను. పెళ్లినాడు వేసుకుని చూస్తే మడమ వెనక చిటికెన వేలు పట్టేంత ఖాళీ. నడిస్తే టపటపా చప్పుడు. వేళ్ల దగ్గర దూది కుక్కుకుని పెళ్లి కానిచ్చాడు. తర్వాత మార్చడానికి వెళ్తే షాపాయన నవ్వేసి, "అది అమెరికా తొమ్మిది అయ్యుంటుందండీ, మనకది ఎనిమిది" అని ఇంకో పెట్టె తీశాడు. దాని మీద మూడు నంబర్లున్నాయి: యూకే 8, యూఎస్ 9, ఈయూ 42.

ఒకే షూకి మూడు నంబర్లు. వీటిలో పాదం పొడవు ఏదీ కాదు. షూ తయారయ్యేది పాదం ఆకారంలో చెక్కిన ఒక అచ్చు మీద. ఒకప్పుడు అది కర్రతో ఉండేది, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్. ఇంగ్లీషులో దాన్ని లాస్ట్ అంటారు. తోలును ఆ అచ్చు మీద లాగి బిగించి, అడుగు అతికించి, చివర్లో అచ్చును బయటికి తీస్తారు. పెట్టె మీది మూడు నంబర్లూ ఆ అచ్చు పొడవుకి పెట్టిన పేర్లు. మనకిక్కడ అలవాటైన ఎనిమిది, తొమ్మిది ఇంగ్లండు నుంచి వచ్చాయి. వాటి వెనక ఉన్నది ఒక బార్లీ గింజ.

పదమూడో శతాబ్దం చివరికీ పద్నాలుగో శతాబ్దం మొదటికీ మధ్య ఇంగ్లండులో ఒక చట్టం ఉండేది. ఎండిన, గుండ్రటి బార్లీ గింజలు మూడు ఒక అంగుళం, పన్నెండు అంగుళాలు ఒక అడుగు, మూడు అడుగులు ఒక గజం అని అందులో ఉంది. ఎకరాలు కొలవడానికి రాసుకున్న చట్టమది, చెప్పుల ఊసే లేదు. రెండో ఎడ్వర్డ్ రాజు 1324లో గింజలు పేర్చి షూ సైజులు నిర్ణయించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ దానికి ఆధారం లేదు. చెప్పులు కుట్టేవాళ్ల సైజుల గురించి రాతలో కనబడేది 1688లో, చెస్టర్ నగరానికి చెందిన రాండల్ హోమ్ పుస్తకంలో. అంటే భూమి కొలిచే గింజ పాదం దగ్గరికి రావడానికి చాలా కాలమే పట్టింది.

మూడు గింజలు నిజంగా అంగుళం వస్తాయా అని కిరాణా కొట్టు నుంచి బార్లీ తెచ్చి స్కేలు పక్కన పేర్చాను. అంగుళానికి ఐదు పట్టాయి. చట్టం తప్పేమీ కాదు. జావకి మనం కొనే బార్లీని పొట్టు తీసి, కొసలు అరగదీసి అమ్ముతారు. పొట్టుతో ఉన్న గింజ కొస నుంచి కొసకి ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు సులువుగా ఉంటుంది. అంగుళంలో మూడో వంతంటే 8.47 మిల్లీమీటర్లు. మనవాళ్లూ ఈ గింజనే పట్టుకున్నారు, కాకపోతే అడ్డంగా. ఎనిమిది యవమధ్యాలు ఒక అంగుళం అంటుంది కౌటిల్యుడి అర్థశాస్త్రం. యవలంటే బార్లీయే, యవమధ్యం అంటే గింజ పొట్ట దగ్గరి వెడల్పు. మన అంగుళం వేలి వెడల్పు కాబట్టి ఆ అంగుళమూ ఈ అంగుళమూ ఒకటి కావు.

ఇంగ్లండు పద్ధతిలో సైజుకీ సైజుకీ తేడా ఒక గింజ. ఎనిమిది బదులు తొమ్మిది తెచ్చానంటే ఒక బార్లీ గింజంత ఎక్కువ తెచ్చానన్నమాట. ఇంతవరకు చిక్కు లేదు. చిక్కంతా సున్నా ఎక్కడ పెట్టారన్న దాంట్లో ఉంది.

నాలుగు అంగుళాల కంటే చిన్న షూ ఎవరికీ అక్కర్లేదు కాబట్టి అక్కడ సున్నా పెట్టారు. నాలుగు అంగుళాలంటే ఇంగ్లండులో గుర్రాల ఎత్తు చెప్పడానికి ఇప్పటికీ వాడే 'హ్యాండ్', అరచేతి అడ్డం కొలత. పన్నెండు గింజలు. అక్కడి నుంచి ఒక్కో గింజ పెరిగినప్పుడల్లా ఒక్కో నంబరు, అలా పిల్లల సైజులు పదమూడు దాకా వెళ్తాయి. పదమూడో నంబరు దగ్గర అచ్చు పొడవు 25 గింజలు. ఆ తర్వాత పద్నాలుగు రాదు, మళ్లీ ఒకటి వస్తుంది. పదమూడో నంబరు వేసుకునే పిల్లాడికి కాలు కాస్త పెరిగితే కొనాల్సింది ఒకటో నంబరు. స్కూలు తెరిచే రోజుల్లో ఏ షూ షాపులో నిలబడ్డా దీని మీద ఒక తల్లో తండ్రో వాదిస్తూ కనిపిస్తారు.

పెద్దవాళ్ల నంబరు కావాలంటే అచ్చులో ఎన్ని గింజలున్నాయో లెక్కపెట్టి 25 తీసేయాలి. మా బావమరిదికి సరిపోయిన ఎనిమిదో నంబరు అచ్చు 33 గింజలు, కచ్చితంగా పదకొండు అంగుళాలు. సెంటీమీటర్లలో 27.94. అమెరికావాళ్లు గింజను అలాగే ఉంచుకున్నారు గానీ మగవాళ్ల సైజుల్లో 25 బదులు 24 తీసేస్తారు. అందుకే అదే అచ్చు అక్కడ తొమ్మిది. ఆడవాళ్ల నంబరు మళ్లీ వేరు. ఒకే పొడవుకి మగవాళ్ల నంబరు కంటే ఒకటిన్నర ఎక్కువ వేయడం మామూలు, కొన్ని కంపెనీలు ఒకటే వేస్తాయి, కొన్ని రెండు.

ఫ్రాన్సు ఈ గోల పెట్టుకోలేదు. అక్కడి యూనిట్‌ని పారిస్ పాయింట్ అంటారు. సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే 6.67 మిల్లీమీటర్లు. సున్నా దగ్గరే సున్నా, మధ్యలో మళ్లీ మొదలుపెట్టడం లేదు, పిల్లలకీ పెద్దలకీ ఒకటే వరస. అచ్చు పొడవు సెంటీమీటర్లలో తీసుకుని ఒకటిన్నరతో గుణిస్తే నంబరు వస్తుంది. 28 సెంటీమీటర్ల అచ్చు 42. యూరప్ సైజులు అంత పెద్ద అంకెల్లో ఉండటానికి కారణం ఇదే, ముందు ఏమీ తీసేయరు. మెట్రిక్ పుట్టిన దేశంలో నేరుగా సెంటీమీటరే పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. షూకి ఒక సెంటీమీటరు మరీ పెద్ద అంగ, సైజుకీ సైజుకీ మధ్య పడే కాళ్లు బోలెడు. పోనీ అర సెంటీమీటరు పెడదామంటే సైజులు ఎక్కువవుతాయి. సైజుకో అచ్చు జత చెక్కించాలి, షాపువాడు సైజుకో పెట్టె సరుకు దింపాలి. వ్యాపారానికి మూడింట రెండు వంతులు మధ్యేమార్గం.

అసలు తలనొప్పి ఈ రెండు మెట్లనీ జోడించినప్పుడు వస్తుంది. ఒక మెట్టు 8.47, ఇంకోటి 6.67. నాలుగు ఇంగ్లండు మెట్లు దాదాపు ఐదు పారిస్ మెట్లకి సమానం, మధ్యలో ఎక్కడా సరిగ్గా కలవవు. ఎనిమిదో నంబరు లెక్క కడితే 41.91 వస్తుంది, 42 అనేయొచ్చు, ఎవరికీ నష్టం లేదు. ఏడు 40.64, అది 41. తొమ్మిది 43.18, అది 43. కానీ పదో నంబరు 44.45 దగ్గర పడుతుంది. ఒక కంపెనీ దాన్ని 44 అంటుంది, ఇంకోటి 45 అంటుంది, మరొకటి 44½ అని వేస్తుంది. ఆరో నంబరుదీ ఇదే గతి, 39.37. ఆన్‌లైన్‌లో రెండు బ్రాండ్ల సైజు పట్టికలు పక్కపక్కన పెడితే ఎనిమిది దగ్గర కలిసి, పది దగ్గర విడిపోవడం చూస్తాం. ఎవరో అజాగ్రత్తగా రాశారనుకుంటాం. ఆ పట్టికలో సరైన జవాబు అసలు లేనే లేదు.

ఇవన్నీ అచ్చు పొడవులే అయితే పాదం ఎక్కడ? నడిచేటప్పుడు పాదం ముందుకు జరుగుతుంది, వేళ్ల ముందు ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ ఎంతో అమెరికా షాపుల్లోని ఒక పరికరం చెప్పకనే చెబుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో చార్లెస్ బ్రానాక్ అనే షూ వ్యాపారి కొడుకు 1920లలో తయారుచేసిన లోహపు పలక అది. దాని మీద నిలబడితే మడమ నుంచి వేలి కొస దాకా, మడమ నుంచి బొటనవేలి మొదలు కీలు దాకా, అడ్డంగా వెడల్పు, మూడూ కొలవచ్చు. అది కొలిచేది పాదాన్ని కాబట్టి మగవాళ్ల నంబరు కోసం 24 బదులు 22 గింజలే తీసేస్తుంది. తేడా రెండు గింజలు, అంటే 17 మిల్లీమీటర్లు. ఆ లెక్కలో అచ్చు పాదం కంటే అంత పొడవుండాలి. కోసుగా ఉండే మోడల్‌కి ఇంకా ఎక్కువ వదులుతారు, ఆటల షూకి వేరేగా. ఒకే నంబరు ఒక కంపెనీలో బిగుతుగా, ఇంకో కంపెనీలో లూజుగా ఉండటం ఇక్కడే మొదలవుతుంది.

అచ్చును వదిలేసి నేరుగా పాదాన్నే చెప్పే పద్ధతి కూడా ఉంది. మోండోపాయింట్ అంటారు. పాదం పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో రాస్తారు. సైనికుల బూట్లకీ, మంచు మీద జారే స్కీ బూట్లకీ వాడతారు. జపాన్‌లో మామూలు షూ కూడా సెంటీమీటర్లలోనే అమ్ముతారు. దీనికి ఐఎస్ఓ ప్రమాణం ఉన్నా ప్రపంచమంతా మారలేదు. జనానికి ఎనిమిది గుర్తుంటుంది, 265 గుర్తుండదు.

మన సంగతికొస్తే, ఇంగ్లండు నంబరు తెచ్చుకున్నాం గానీ ఇంగ్లండు పాదం తెచ్చుకోలేదు. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. మన పాదాలు యూరప్, అమెరికా పాదాల కంటే వెడల్పని తేలింది. ఇది చాలామందికి ఒంటి మీద అనుభవమే. చిటికెన వేలు పక్కన నొక్కుతోందని ఒక నంబరు పెద్దది కొంటాం. వెడల్పు సమస్యని పొడవుతో సరిపెడతాం, అప్పుడు మడమ జారుతుంది. ఆ సర్వే ఆధారంగా 'భా' పేరుతో దేశీయ సైజులు ప్రతిపాదించారు. పసిపిల్లల నుంచి పెద్దల దాకా వయసును బట్టి, ఆడామగా తేడాను బట్టి మొత్తం ఎనిమిది విభాగాలు, అర సైజులు అవసరం లేనంత వెసులుబాటుతో.

సంక్రాంతికి బావమరిది మళ్లీ వస్తున్నాడు, మళ్లీ షూ కావాలన్నాడు. ఈసారి నంబరు అడగలేదు. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి పెన్సిలు నిటారుగా పట్టి రెండు పాదాల చుట్టూ గీసి కొలిచి పంపమన్నాను. కుడి 26.2 సెంటీమీటర్లు, ఎడమ 26.5. పెద్దదాన్నే తీసుకోవాలి. 26.5కి 1.7 కలిపితే అచ్చు 28.2. గింజల్లోకి మార్చి 25 తీసేశాను. ఎనిమిదీ పాయింట్ మూడు వచ్చింది. పారిస్ లెక్కలో చూద్దామని ఒకటిన్నరతో గుణిస్తే 42.3. షాపాయనకి చూపిస్తే, "ఎనిమిది వేసి చూడమనండి, పట్టకపోతే తొమ్మిది" అన్నాడు.