సంతకం నాన్నది, కాలు కొడుకుది: మైనర్ల వైద్యంలో సమ్మతిపై అపోహలు, వాస్తవాలు

నేను పిల్లల కేన్సర్ డాక్టర్ని. మా వార్డులో పాలు తాగే పిల్లల నుంచి ఇంటర్ చదివే వాళ్ల దాకా ఉంటారు. చిన్నపిల్లల విషయంలో నిర్ణయాలు అమ్మానాన్నలవే, అందులో పేచీ లేదు. పదమూడు, పద్నాలుగు దాటిన వాళ్లతోనే అసలు చిక్కు. "మైనర్ కదా మేడమ్, వాడినడిగేదేముంది, కాగితం ఇటివ్వండి" అని తండ్రి అంటుంటే, పక్క మంచం మీద దుప్పటి ముసుగు తన్ని కొడుకు అన్నీ వింటూ ఉంటాడు. ఈ విషయంలో తరచూ వినిపించే మాటలు కొన్ని ఇవి.

అపోహ: పద్దెనిమిది నిండేదాకా పిల్లల మాటకు చట్టంలో లెక్కే లేదు.

మన చట్టంలో ఉన్నది ఒకే గీత కాదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం మేజర్ కావాలంటే 18 నిండాలి. నేర చట్టం మాత్రం ఇంకో గీత గీసింది. భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ పన్నెండేళ్ల లోపు పిల్లల మేలు కోసం సద్బుద్ధితో చేసే పనికి సంరక్షకుల సమ్మతి గురించి చెబుతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలు ఇచ్చిన సమ్మతి మామూలుగా చెల్లదని 28వ సెక్షన్ అంటుంది. పాత శిక్షాస్మృతిలో ఇవే 89, 90 సెక్షన్లు. మరి పన్నెండుకూ పద్దెనిమిదికీ మధ్య వాళ్ల సంగతి? వైద్యం విషయంలో వాళ్ల సమ్మతి ఎంతవరకు చెల్లుతుందో తేల్చి చెప్పే సెక్షన్ లేదు. అందుకే కడుపునొప్పితో వచ్చిన పద్నాలుగేళ్ల పిల్లను ఆమె సరేనంటే పరీక్ష చేస్తాం. ఆపరేషన్, మత్తు, కీమో దాకా వస్తే మాత్రం ఏ ఆస్పత్రీ పెద్దవాళ్ల సంతకం లేకుండా ముందుకు పోదు.

పరిశోధనల దగ్గర ఇంత గందరగోళం లేదు. కొత్త మందు ట్రయల్‌లో చేర్చాలంటే తల్లిదండ్రుల సంతకంతో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా ఉండాలనీ, పన్నెండు దాటితే అది రాతపూర్వకంగా తీసుకోవాలనీ ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్‌కు అడిగేవాళ్లం, మామూలు వైద్యానికి ఎందుకు అడగకూడదన్నది నా ప్రశ్న.

అపోహ: అమ్మానాన్నలు సంతకం పెట్టాక ఇక పిల్లాడు ఒప్పుకోవాల్సిన పనిలేదు.

కాగితం వరకు నిజమే. కానీ కాలు తీసేయాల్సిన చోట కాగితం పెద్దగా అక్కరకు రాదు. గుర్తుపట్టే వివరాలు మార్చి ఒక కేసు చెబుతాను.

ఇంటర్ మొదటి సంవత్సరం అబ్బాయి. మోకాలి పైన వాపు. క్రికెట్ ఆడుతుంటే దెబ్బ తగిలిందనుకుని కొన్నాళ్లు కట్లు కట్టించారు. బయాప్సీలో ఆస్టియోసార్కోమా అని తేలింది. అంటే తొడ ఎముక కింది భాగంలో కేన్సర్. ఊపిరితిత్తులకు పాకలేదు. ఈ దశలో కీమో, ఆపరేషన్, మళ్లీ కీమో పూర్తిగా చేస్తే పదిమందిలో ఆరేడుగురు ఐదేళ్లు దాటుతారు. ఆపరేషన్ వదిలేసి కీమో ఒక్కటే ఇస్తే నయమయ్యేది దాదాపు ఎవరికీ కాదు.

తండ్రి మొదటిరోజే నన్ను వరండాలోకి పిలిచి, "వాడికి కేన్సరని చెప్పకండి మేడమ్, ఇన్ఫెక్షనని చెప్పాం, తెలిస్తే తట్టుకోలేడు" అన్నారు. మన ఇళ్లలో ఇది మామూలే, ప్రేమతో అడిగేదే. అయితే రెండో విడత కీమోకే ఆ అబ్బాయి డ్రిప్ సీసా మీద మందు పేరు చదివి, ఫోన్లో వెతికి, అన్నీ తెలుసుకున్నాడు. అమ్మానాన్నలు బాధపడతారని తెలియనట్టు నటించాడు. ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ ఒకరి దగ్గర ఒకరు దాస్తున్నారు. దాచమని అడిగే పెద్దవాళ్లకు నేను చెప్పేదొకటే. మీరు చెప్పేదాకా నా అంతట నేను చెప్పను, కానీ వాడు నన్ను సూటిగా అడిగితే అబద్ధం చెప్పను.

దాదాపు పది వారాల కీమో తర్వాత ఎం.ఆర్.ఐ. తీశాం. గడ్డ తగ్గలేదు. మోకాలి వెనక రక్తనాళాలను చుట్టుకుని ఉంది. కాలు ఉంచి గడ్డ ఒక్కటే తీస్తే కొంత మిగిలిపోయే ప్రమాదం ఎక్కువనీ, తొడ దగ్గర కాలు తీసేయడమే మంచిదనీ సర్జన్ అన్నారు. తండ్రి ఏడుస్తూనే పెన్ను అడిగారు. కొడుకు గోడవైపు తిరిగి, "నేను చేయించుకోను" అన్నాడు.

ఇక్కడ నేను మొదట చూసేది వయసు కాదు, వాడికి ఎంత అర్థమైందన్నది. తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి మూడు సంగతులు వాడి మాటల్లోనే చెప్పమంటాను. జబ్బేమిటి, మేమనేది చేస్తే ఏమవుతుంది, చేయకపోతే ఏమవుతుంది. మొదటి రెండూ బాగానే చెప్పాడు. మూడోదానికి, "కీమో ఇంకొన్నాళ్లు ఇస్తే సరిపోదా?" అన్నాడు. అంటే వాడు చావుకు సిద్ధపడి వద్దనడం లేదు, ఇంకో దారి ఉందనుకుని వద్దంటున్నాడు. కాసేపాగి, కాలు తీశాక జీవితమంతా చక్రాల కుర్చీయే కదా అన్నాడు. ఆపరేషన్ ఖర్చుకు నాన్న పొలం అమ్ముతున్నాడని కూడా అన్నాడు. ఆ పొలం మాట తండ్రి వరండాలో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నదట. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉందని వాడికెవరూ చెప్పలేదు.

తర్వాత చూసేది వ్యవధి. ఇంకో విడత కీమో ఇచ్చి, ఆపరేషన్‌ను కొద్దిరోజులు వెనక్కి జరపవచ్చు. నెలల తరబడి ఆగితే మాత్రం ఊపిరితిత్తులకు పాకుతుంది. ఆ ఉన్న గడువును వాడుకున్నాం. ఇదే జబ్బుకు కాలు తీయించుకుని ఉద్యోగం చేసుకుంటున్న ఒకతన్ని పిలిపించాం. అతను ప్యాంటు పైకి లాగి కృత్రిమ కాలు విప్పి చేతికిచ్చాడు. దాని బరువెంత, బాత్రూంలో ఎలా అని మావాడు అడిగిన ప్రశ్నలు నాకైతే తట్టేవి కావు.

రెండో సర్జన్‌నూ అడిగాం. నరం బాగానే ఉంది కాబట్టి రొటేషన్‌ప్లాస్టీకి వీలుందన్నారు. గడ్డ ఉన్న భాగాన్ని తీసేసి, కింది కాలిని వెనక్కి తిప్పి తొడకు అతికిస్తారు. చీలమండే మోకాలి పని చేస్తుంది. దానికి కృత్రిమ కాలు తగిలిస్తే మామూలు కృత్రిమ కాలు కంటే బాగా పరిగెత్తవచ్చు. చూడటానికి మాత్రం పాదం వెనక్కి తిరిగి ఉంటుంది. తండ్రికి ఇది చాలా నచ్చింది, కాలు కొంతైనా మిగులుతుందని. అబ్బాయి ఫొటోలు చాలాసేపు చూసి, "ఇది వద్దు మేడమ్. తీసేయండి" అన్నాడు.

తండ్రి ససేమిరా అన్నారు. నేను అబ్బాయి వైపే నిలబడ్డాను. కేన్సర్ వరకు రెండు ఆపరేషన్లూ మాకు సమ్మతమైనవే. తేడా అంతా ఆ ఒంటితో ఎలా బతకాలన్నదే. అది బతకాల్సినవాడు అన్నీ తెలుసుకుని చెబుతున్నప్పుడు, పెద్దవాళ్ల ఇష్టం కంటే వాడి ఇష్టానికే ఎక్కువ బరువు. వైద్యం చేయాలా వద్దా అన్నదొకటి, ఎలా చేయాలన్నది ఇంకొకటి. రెండో దాంట్లో టీనేజర్ మాట నేను దాదాపు ఎప్పుడూ కాదనను. చివరికి సంతకం తండ్రే పెట్టారు. ఆ కింద కొడుకు చేత కూడా పెట్టించాను.

అపోహ: అంటే పిల్లలు వద్దంటే డాక్టర్లు ఆపేయాలా?

అన్నివేళలా కాదు. లింఫోబ్లాస్టిక్ ల్యూకేమియా అనే రక్త కేన్సర్ వచ్చిన పదమూడేళ్ల అమ్మాయి జుట్టు రాలిపోతుందని కీమో వద్దంటే, నయమయ్యే అవకాశం అంత ఎక్కువున్న జబ్బులో ఆ మాట మీద ఆపను. విగ్గు గురించి మాట్లాడతాను, మొదలుపెట్టే రోజు ఒకటి రెండు రోజులు జరుపుతాను, కానీ మొదలుపెడతాను. అదే జబ్బు రెండు మూడుసార్లు తిరగబెట్టి, కొత్త విడత మందుతో కొన్ని వారాలు మించి లాభం లేనప్పుడు, పదహారేళ్ల పిల్ల "ఇక ఇంటికెళ్తా" అంటే ఆ మాటే నాకు పెద్దది. అప్పుడు ఒప్పించాల్సింది అమ్మానాన్నల్ని. లాభం ఎంత తగ్గితే, బాధ ఎంత పెరిగితే, పిల్లల మాటకు అంత బరువు.

పెద్దవాళ్లే వైద్యం వద్దంటే? నయమయ్యే జబ్బైతే బాలల సంక్షేమ కమిటీకో కోర్టుకో వెళ్లే దారి ఉంది. నా అనుభవంలో అంతదాకా పోయేది బహు అరుదు. వద్దనే మాట వెనక డబ్బో, నాటువైద్యమో, మేనమామ సలహానో ఉంటుంది, అది తేలితే సగం పని అయినట్టే.

అపోహ: విదేశాల్లో టీనేజర్ల మాటే చెల్లుతుంది.

లండన్, డల్లాస్‌లలో ఉన్న మనవాళ్లు ఇది ఎక్కువగా చెబుతుంటారు. ఇంగ్లండ్‌లో 1969 చట్టం ప్రకారం పదహారేళ్లకు వైద్యానికి సొంతంగా సమ్మతించవచ్చు. అంతకంటే చిన్నవాళ్లయినా బాగా అర్థం చేసుకోగలిగితే సమ్మతించవచ్చని 1985లో గిల్లిక్ కేసులో తేలింది. అయితే ఒప్పుకునే హక్కు ఉందంటే కాదనే హక్కు కూడా అంతే ఉందని కాదు. ప్రాణం మీదికొస్తే మైనర్ల నిరాకరణను అక్కడి కోర్టులు తోసిపుచ్చాయి. అమెరికాలోని కనెక్టికట్‌లో హాడ్జ్‌కిన్స్ లింఫోమా అనే లింఫు గ్రంథుల కేన్సర్ వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి కీమో వద్దంది. తల్లి కూడా ఆమె వైపే. అయినా వైద్యం కొనసాగించడాన్ని 2015 జనవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించింది. మన దగ్గర ఆ స్థితిలో తల్లీకూతుళ్లు డిశ్చార్జి రాయించుకుని వెళ్లిపోతే ఆపేవాళ్లు దాదాపు ఉండరు.

అపోహ: డాక్టర్‌కు విడిగా చెప్పింది ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి రాదు.

చాలావరకు రాదు, కానీ హద్దుంది. రజస్వల అయిన అమ్మాయిలకు కీమోకు ముందు గర్భ పరీక్ష చేస్తాం. పద్దెనిమిది లోపు పిల్లలో అది పాజిటివ్ వస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే డాక్టర్‌కే శిక్ష. మైనరూ సంరక్షకులూ కోరితే గర్భస్రావం సందర్భంలో ఆ సమాచారంలో అమ్మాయి పేరు, వివరాలు ఇవ్వనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. గర్భస్రావానికి సంరక్షకుల రాతపూర్వక సమ్మతి మాత్రం తప్పదు. అందుకే విడిగా మాట్లాడే ముందే ఈ హద్దు చెప్పేస్తాను. అన్నీ చెప్పించుకుని తర్వాత "రూలు" అంటే ఆ పిల్ల ఇక ఏ డాక్టర్‌నీ నమ్మదు.

అపోహ: అమ్మానాన్నలు వచ్చేదాకా ఎమర్జెన్సీ ఆపరేషన్ కూడా చేయరు.

క్యాజువాల్టీలో పనిచేసిన రోజుల్లో కాలేజీ హాస్టళ్ల నుంచి వచ్చే కేసుల్లో ఇది తరచూ ఎదురయ్యేది. అర్ధరాత్రి వృషణం మెలిపడి నొప్పితో వస్తాడు అబ్బాయి. సిగ్గుతో అప్పటికే కొన్ని గంటలు దాచి ఉంటాడు. మొదలైన ఆరు గంటల్లోపు తిప్పి సరిచేస్తే చాలావరకు దక్కుతుంది, ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశం పడిపోతుంది. అమ్మానాన్నలు ఎక్కడో శ్రీకాకుళంలో, ఫోన్ స్విచాఫ్. సమ్మతి తీసుకునే వ్యవధి లేనప్పుడు మేలు కోసం సద్బుద్ధితో చేసే పని నేరం కాదని న్యాయ సంహిత 30వ సెక్షన్ చెబుతుంది. ఎన్నిసార్లు ఫోన్ చేశామో, ఎందుకు ఆగలేకపోయామో కేసు షీటులో రాసి, ఇద్దరు డాక్టర్లు సంతకం పెట్టి థియేటర్‌కు తీసుకెళ్తాం. అబ్బాయి ఒప్పుకున్నాడని కూడా రాస్తాం.

ఫోన్ కలిస్తే సాక్షి వింటుండగా నోటిమాటగా సమ్మతి తీసుకుంటాం. పిల్లల్ని హాస్టల్లో వేసే తల్లిదండ్రులు రాత్రిపూట తప్పక ఎత్తే రెండో నంబరు ఒకటి, మందుల ఎలర్జీలు, పాత ఆపరేషన్ల వివరాలు ఒక కాగితం మీద రాసి వార్డెన్ దగ్గర ఉంచండి. నొప్పి ఎక్కడ వచ్చినా దాచకుండా చెప్పమని అబ్బాయికీ చెప్పి పంపండి.