సస్ స్కోరు: పది జవాబులను కలిపి కూడితే వచ్చేది స్కోరు కాదు

ఆ మధ్య ఒక సాయంత్రం గుంటూరు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. చిన్న సంస్థలో డిజైనర్‌గా పనిచేస్తోంది. మిర్చి యార్డుకు సరుకు తెచ్చే రైతులు ఆ రోజు ధరలు, తమ లాటు పరిస్థితి ఫోనులో చూసుకునే యాప్ వాళ్లది. మూడు నెలలు కూర్చుని యాప్‌ను మొత్తం మార్చారు. అంతకు ముందు, ఆ తరువాత అదే పన్నెండు మంది రైతుల చేత సస్ ప్రశ్నావళి, అంటే వాడటం ఎంత సులువో కొలిచే సిస్టమ్ యూజబిలిటీ స్కేల్, నింపించారు. "సార్, పాతదానికి 62 వచ్చింది, కొత్తదానికి 68. ఆరు మార్కుల కోసం మూడు నెలల జీతాలా అని పైవాళ్లు అడుగుతున్నారు. నా పని అంత తీసికట్టుగా ఉందా?" అంది. గొంతు వణుకుతోంది.

షీటు పంపమన్నాను. తెరిచిన నిమిషానికే తెలిసిపోయింది, తప్పు ఆ అమ్మాయి డిజైన్‌లో లేదు, కూడికలో ఉంది. విజయవాడలో కూర్చుని ఇదే తప్పును ఎన్ని షీట్లలో దిద్దానో లెక్క లేదు. అందుకే ఈ ఒక్క అపోహ గురించి వివరంగా రాస్తున్నాను. మిగతావి క్లుప్తంగా చెబుతాను.

అపోహ: పది జవాబులూ కూడితే 50కి వస్తుంది, రెండుతో హెచ్చవేస్తే నూటికి స్కోరు.

వాస్తవం: అలా వచ్చిన అంకెకు అర్థం లేదు.

జాన్ బ్రూక్ 1986లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఉండగా ఈ ప్రశ్నావళిని తయారుచేశారు. పది వాక్యాలు, ఒక్కొక్కదానికి 1 (అస్సలు ఒప్పుకోను) నుంచి 5 (పూర్తిగా ఒప్పుకుంటాను) వరకు జవాబు. బేసి సంఖ్య వాక్యాలన్నీ యాప్‌ను మెచ్చుకునేవి: వాడటం సులువు, ధైర్యంగా వాడగలిగాను, ఇలాంటివి. సరి సంఖ్య వాక్యాలన్నీ తప్పుపట్టేవి: అనవసరంగా చిక్కుగా ఉంది, ఎవరో ఒకరు సాయం చేస్తే తప్ప వాడలేను, ఇలాంటివి. అంటే బేసి వాక్యానికి 5 మంచి జవాబు, సరి వాక్యానికి 1 మంచి జవాబు. ఈ రెండింటినీ ఒకే బుట్టలో వేసి కూడితే ఒకదాన్ని మరొకటి తినేస్తుంది.

ఎంతగా తినేస్తుందో చూడండి. యాప్ అంటే ప్రాణం పెట్టే మనిషి బేసి వాక్యాలన్నింటికీ 5, సరి వాక్యాలన్నింటికీ 1 ఇస్తాడు. కూడితే 30, రెండింతలు 60. యాప్ ముఖం చూడటానికే ఇష్టపడని మనిషి బేసికి 1, సరికి 5 ఇస్తాడు. కూడితే మళ్లీ 30, మళ్లీ 60! ఇద్దరికీ ఒకే మార్కు. ఇక ఏమీ చదవకుండా "బాగుంది, బాగుంది" అంటూ వరసగా 5 పెట్టుకుంటూ పోయిన మనిషికి నూటికి నూరు వస్తుంది.

అసలు లెక్క ఇది. బేసి వాక్యానికి జవాబులోంచి 1 తీసివేయాలి. సరి వాక్యానికి 5లోంచి జవాబు తీసివేయాలి. అప్పుడు ప్రతి వాక్యమూ 0 నుంచి 4 మధ్యకు వస్తుంది, 4 అంటే ఎప్పుడూ మంచిదే. పదింటినీ కూడితే గరిష్ఠం 40. దాన్ని 2.5తో హెచ్చవేస్తే 0 నుంచి 100.

ఆ పన్నెండు మందిలో ఒక పెద్దాయన రెండు వరసలు తీసుకుందాం. పాత యాప్‌కు ఆయన జవాబులు వరసగా 2, 4, 2, 5, 3, 3, 2, 4, 2, 4. ఉన్నదున్నట్టు కూడితే 31, రెండింతలు 62. సరిగ్గా లెక్కిస్తే బేసి వాక్యాల నుంచి 1, 1, 2, 1, 1 కలిపి 6. సరి వాక్యాల నుంచి 1, 0, 2, 1, 1 కలిపి 5. మొత్తం 11. రెండున్నరతో హెచ్చవేస్తే 27.5.

కొత్త యాప్‌కు ఆయన జవాబులు 4, 2, 5, 4, 4, 2, 4, 2, 4, 3. తప్పుడు లెక్కలో 34, అంటే 68. సరైన లెక్కలో బేసి నుంచి 16, సరి నుంచి 12, మొత్తం 28. స్కోరు 70.

ఈ పెద్దాయన విషయంలో 62 నుంచి 68కి పెరిగినట్టు కనిపించిన మార్పు నిజానికి 27.5 నుంచి 70కి వచ్చిన మార్పు. యాప్ బాగుపడేకొద్దీ బేసి జవాబులు పెరుగుతాయి, సరి జవాబులు తగ్గుతాయి. ఉత్త కూడికలో పెరిగినది తగ్గినదానితో కొట్టుకుపోతుంది. అందుకే తప్పుడు లెక్క యాప్ ఎంత మంచిదైనా, ఎంత చెడ్డదైనా 60 చుట్టూనే తిరుగుతుంది. పైగా ఆ 68ని చూసి ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే అది చూడటానికి నమ్మదగిన అంకె. పన్నెండు వరసలూ తిరిగి లెక్కిస్తే సగటు పాతదానికి 31.25, కొత్తదానికి 71.25. ఆ అమ్మాయికి రాత్రే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇలా కాకుండా ఉండాలంటే లెక్కను చేతితో చేయకండి. జవాబులు B నుంచి K వరకు ఉన్న షీటులో ఈ సూత్రం చాలు:

```
=(B2+D2+F2+H2+J2-C2-E2-G2-I2-K2+20)*2.5
```

పెట్టిన తరువాత మూడు దొంగ వరసలతో పరీక్షించండి. 5, 1, 5, 1 అంటూ పోయే వరసకు 100 రావాలి. 1, 5, 1, 5 వరసకు 0 రావాలి. అన్నీ 3 ఉన్న వరసకు 50 రావాలి. ఒక మనిషి స్కోరు ఎప్పుడూ 2.5 గుణిజమే, ఎవరికైనా 71 లేదా 64 కనిపిస్తే ఎక్కడో తేడా ఉన్నట్టే. సగటుకు ఈ నియమం వర్తించదు.

ఇంకొక చోట కూడా లెక్క తలకిందులవుతుంది. ఆన్‌లైన్ ఫారంలో "పూర్తిగా ఒప్పుకుంటాను" అన్నదాన్ని మొదటి ఎంపికగా పెడితే షీటులో దానికి 1 అని నమోదు కావచ్చు. అప్పుడు 80 రావలసిన మనిషికి 20 వస్తుంది, 70కి బదులు 30 వస్తుంది. పనులన్నీ నవ్వుతూ పూర్తిచేసిన మనిషికి 30 వస్తే, యాప్‌ను తిట్టే ముందు ఆ ఫారం తెరిచి చూడండి.

అపోహ: తప్పుపట్టే వాక్యాలు జనాన్ని తికమకపెడతాయి, వాటిని మంచిగా మార్చేస్తే సరి.

వాస్తవం: తికమక నిజమే. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ వాక్యం మార్చి లెక్క మార్చకపోతే మొదటి తప్పు కంటే ఘోరం. ఒక షీటులో "అనవసరంగా చిక్కుగా ఉంది" అన్న రెండో వాక్యాన్ని "చిక్కుగా లేదు" అని తెలుగు చేశారు. సూత్రం మాత్రం పాతదే. యాప్ నచ్చినవాళ్లంతా 5 ఇచ్చారు, సూత్రం దాన్ని 0 చేసింది. ఒక్కొక్కరికీ ఆ ఒక్క వాక్యంలోనే 10 మార్కులు పోయాయి.

పైగా తెలుగులో "లేదు"తో ముగిసే వాక్యానికి జవాబు చెప్పించడం కష్టం. "ఈ యాప్ చిక్కుగా లేదు, ఒప్పుకుంటారా?" అని చదివి వినిపిస్తే ఒకాయన "అవును, లేదు" అంటారు. మరొకాయన "లేదు లేదు, ఏం చిక్కు లేదు" అంటారు. ఇద్దరి మాటా ఒకటే, రాసుకునేవాడు మాత్రం ఒకరికి 5, మరొకరికి 1 వేస్తాడు. అందుకే తప్పుపట్టే వాక్యాన్ని "ఉంది"తోనే ముగించండి: "వాడటానికి చాలా ఇబ్బందిగా ఉంది". ఇంగ్లీషు మూలంలోని ఎనిమిదో వాక్యంలో ఇబ్బందికరం అనే అర్థంలో ఉన్న కంబర్సమ్ అనే మాట ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు అర్థం కావడం లేదని 2006లోనే పరిశోధకుడు ఫిన్‌స్టాడ్ రాశారు; మన రైతు దాకా వచ్చేసరికి దాన్ని ఇంగ్లీషులోనే వదిలేయడం అన్యాయం.

అన్నీ మెచ్చుకునే వాక్యాలే ఉన్న రూపం కూడా ఉంది. పరిశోధకులు సారో, లూయిస్ 2011లో దాన్ని పరీక్షించి చూపించారు. అది వాడితే పదింటికీ జవాబులోంచి 1 తీసివేయాలి. కానీ మన దగ్గర నేను పాత పద్ధతికే మొగ్గుతాను. ఇంటికి వచ్చినవాళ్లను నొప్పించకూడదని అన్నింటికీ 5 ఇచ్చే పెద్దవాళ్లు మనకు ఎక్కువ. "బాగానే ఉంది బాబూ, రాసుకో" అంటారు. మెచ్చుకునే వాక్యాలే ఉంటే ఆ మర్యాద 100 అయి కూర్చుంటుంది. పాత రూపంలో అదే వరసకు 50 వస్తుంది, పది అయిదులు పక్కపక్కన కనిపిస్తాయి, మళ్లీ కూర్చుని నెమ్మదిగా అడగవచ్చని మనకు తెలుస్తుంది.

అపోహ: 70 అంటే 70 శాతం, ఫస్ట్ క్లాసు.

వాస్తవం: ఇది శాతం కాదు. పదో తరగతిలో 35 వస్తే పాసన్న అలవాటుతో చూడకండి. సారో కూడగట్టిన వందలాది అధ్యయనాల సగటు 68. కాబట్టి 70 అంటే నడిమధ్యకు కాస్త పైన. 50 వస్తే సగం బాగుందని కాదు, చాలా వెనుకబడి ఉందని.

అపోహ: ఐదుగురు చాలు.

వాస్తవం: ఇబ్బందులు వెతకడానికి ఐదుగురితో మొదలుపెట్టవచ్చు. అంకె నమ్మడానికి చాలరు; ఒక్కరు అటూ ఇటూ అయితే సగటు ఊగిపోతుంది. నేను పన్నెండుకు తగ్గను. పని పూర్తికాగానే, ఇంకా మాటల్లో పడకముందే నింపించండి. ఎవరైనా ఒక వాక్యం వదిలేస్తే దానికి 3 వేయండి.

అపోహ: స్కోరు చూస్తే ఎక్కడ సరిచేయాలో తెలుస్తుంది.

వాస్తవం: తెలియదు. ఒక్కొక్క వాక్యాన్ని విడిగా తీసి దానికి అర్థం చెప్పవద్దని బ్రూక్ మొదట్లోనే రాశారు. ఆ పెద్దాయన వరసలో నాలుగో వాక్యానికి, అంటే సాయం లేనిదే వాడలేనన్నదానికి, కొత్త యాప్‌లో కూడా 4 ఉంది. ఎందుకో ఆ అంకెలో ఉండదు. ఆ అమ్మాయి పరీక్ష వీడియో పంపితే చూశాను. యార్డులో టిక్కీల మీద కూర్చుని ఆయన ధరలు చూసుకున్నాడు, తన లాటు వెతుక్కున్నాడు, ఎక్కడా ఆగలేదు. మొదట లాగిన్ అయ్యేటప్పుడు మాత్రం ఓటీపీ సందేశం రాగానే తెర మీద యాప్ మాయమై మెసేజులు తెరుచుకున్నాయి. వెనక్కి ఎలా రావాలో తెలియక ఆయన ఫోనును పక్కనున్న కుర్రవాడి చేతికి ఇచ్చేశాడు.